12 లక్షల ఆఫర్, 73 వేల జీతం: ఆఫర్ లెటర్‌లో రాయకుండా వదిలేసే మాటలు

మాదాపూర్‌లోని ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ, నాలుగేళ్ల అనుభవం ఉన్న ఇంజినీరుకు ఆఫర్ లెటర్ పంపిందనుకుందాం. జీతం గురించి అందులో ఉన్నది ఒకే వాక్యం: ‘మీ వార్షిక సీటీసీ 12,00,000 రూపాయలు.’ పన్నెండుతో భాగిస్తే నెలకు లక్ష. ఆ లెక్క మీదే అతను కొండాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, కారు లోను మాట్లాడుకున్నాడు. మొదటి నెల ఖాతాలో పడింది 73,000. కంపెనీ చట్టం మీరలేదు, అతని జీతంలో ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. చెప్పాల్సింది మాత్రం లెటర్‌లో చెప్పలేదు.

2025 నవంబరు 21 నుంచి, పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాక ఈ అయోమయం ఇంకా పెరిగింది. వేతనం అన్న మాటకు నిర్వచనం మారింది. పదిమంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలు రాతపూర్వకంగా నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. పాత నమూనా లెటర్‌లో పేరు, అంకె మార్చి పంపే అలవాటు ఇప్పుడు ఇరువైపులా చిక్కులు తెస్తోంది.

ఆఫర్ లెటర్ మీద వచ్చే తగాదాలను దగ్గరగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. అంకె తప్పు పడటం వల్ల వచ్చేవి తక్కువ. అంకె పక్కన ఉండాల్సిన మాటలు లేకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. ఆ డబ్బు ఎప్పుడిస్తారు, దేన్ని బట్టి ఇస్తారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్న మాటలు అవి. తేదీ విషయమూ ఇంతే.

## ఆఫర్ ఎప్పుడు ఒప్పందమవుతుంది

ఆఫర్ లెటర్ అంటే కంపెనీ చేసే ప్రతిపాదన. అభ్యర్థి దాన్ని ఒప్పుకొని, ఆ అంగీకారం కంపెనీకి తెలిపాక అది ఒప్పందం అవుతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఆ అంగీకారం ఎలాంటి మెలిక లేకుండా ఉండాలి. ‘చేరే తేదీ రెండు వారాలు జరిపితేనే వస్తాను’ అని జవాబిస్తే అది అంగీకారం కాదు, కొత్త ప్రతిపాదన. దానికి కంపెనీ సరేననాలి. ‘రెండు వారాలు జరపడానికి వీలవుతుందా?’ అని అడిగితే అది వాకబు మాత్రమే, పాత ఆఫర్ అలాగే ఉంటుంది. ఈమెయిల్‌లో ఈ రెండు వాక్యాలూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఫలితాలు వేరు.

అభ్యర్థి అంగీకారం తెలపకముందు కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. తెలిపాక తీసుకుంటే అది ఒప్పంద ఉల్లంఘన. అపాయింట్‌మెంట్ లెటర్ సాధారణంగా చేరిన రోజునో, కాస్త ముందు వెనకలుగానో వస్తుంది. పూర్తి షరతులు అందులో ఉంటాయి. ఈ రెండు పత్రాల మధ్య తేడా ఉంటే ఏది చెల్లుతుందన్నది పెద్ద ప్రశ్న, దాని దగ్గరికి చివర్లో వద్దాం.

## 12 లక్షలు ఎక్కడెక్కడ ఉన్నాయి

సీటీసీ అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. జీతం అందులో ఒక భాగం మాత్రమే. మన ఉదాహరణలోని 12 లక్షలను విడగొడితే ఇలా ఉంటుంది:

| భాగం | ఏడాదికి (రూపాయలు) |
|---|---|
| బేసిక్ (నెలకు 50,000) | 6,00,000 |
| ఇంటి అద్దె అలవెన్సు (నెలకు 20,000) | 2,40,000 |
| రవాణా అలవెన్సు (నెలకు 5,000) | 60,000 |
| పీఎఫ్‌లో కంపెనీ వాటా | 21,600 |
| గ్రాట్యుటీ | 28,846 |
| ఆరోగ్య బీమా ప్రీమియం | 14,554 |
| వేరియబుల్ పే | 1,35,000 |
| జాయినింగ్ బోనస్ (మొదటి ఏడాదికే) | 1,00,000 |
| మొత్తం | 12,00,000 |

పేస్లిప్‌లో ప్రతి నెలా కనిపించేది పై మూడు వరుసలే, అంటే 75,000. అందులోంచి పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతాయి. మిగిలేది 73,000. కొత్త పన్ను విధానంలో ఈ స్థాయి ఆదాయానికి రిబేటు వర్తిస్తే ఆదాయపు పన్ను పడదు. అయితే అదే ఏడాది పాత కంపెనీలో తీసుకున్న జీతం కలిస్తే లెక్క మారవచ్చు.

చివరి వరుసను ఇంకోసారి చూడండి. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది. కాబట్టి రెండో ఏడాది ఇదే ఉద్యోగం 11 లక్షలది. ఏటా వచ్చే మొత్తాన్ని, ఒక్కసారి వచ్చేదాన్ని కలిపి ఒకే అంకెగా చెబితే, ఏడాది తర్వాత పది శాతం పెంచినా పెరిగినట్టే ఉండదు. ‘స్థిర జీతం 9,00,000, లక్ష్యం మేరకు వేరియబుల్ 1,35,000, కంపెనీ భరించే చట్టబద్ధ, సంక్షేమ ఖర్చులు 65,000, మొదటి ఏడాదికి మాత్రమే జాయినింగ్ బోనస్ 1,00,000’ అని రాస్తే అదనంగా పట్టేది రెండు వరుసలు. మొదటి జీతం రోజు వచ్చే గొడవ ఉండదు.

బేసిక్ గురించి ఒక అపోహ వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది: కొత్త కోడ్ ప్రకారం బేసిక్ 50 శాతం ఉండి తీరాలని. వేతనాల కోడ్ అలా చెప్పలేదు. ఇంటి అద్దె, రవాణా వంటి కొన్ని చెల్లింపులను అది వేతనం లెక్కలోంచి మినహాయించింది. ఆ మినహాయింపులన్నీ కలిసి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన మేరకు తిరిగి వేతనంలో కలపాలంటుంది. పై ఉదాహరణలో మినహాయింపులు సగం లోపే ఉన్నాయి కాబట్టి కలపాల్సింది ఏమీ లేదు. అదే కంపెనీ బేసిక్‌ను 25,000కు తగ్గించి మిగతాదంతా అలవెన్సులుగా చూపితే గ్రాట్యుటీ లెక్క 25,000 మీద ఆగదు.

## పీఎఫ్ పక్కన ఒక మాట, చేతిలో 8,400 తేడా

పీఎఫ్ 12 శాతం అని అందరికీ తెలుసు. దేని మీద 12 శాతం అన్నది చాలా లెటర్లలో ఉండదు. చట్టం పెట్టిన వేతన పరిమితి 15,000. కంపెనీ ఆ మేరకే కడితే నెలకు 1,800. మొత్తం బేసిక్ మీద కడితే మన ఉదాహరణలో 6,000.

కంపెనీ రెండో పద్ధతి పాటిస్తోందని, సీటీసీ మాత్రం 12 లక్షలే అని అనుకుందాం. కంపెనీ వాటా నెలకు 4,200 పెరుగుతుంది. మొత్తం మారకూడదు కాబట్టి ఆ 4,200 రవాణా అలవెన్సులోంచి తగ్గుతుంది. ఉద్యోగి వాటాగా కోసేది కూడా 4,200 పెరుగుతుంది. చేతికి వచ్చేది 73,000 నుంచి 64,600కు దిగుతుంది. నెలకు 8,400 తేడా.

ఇందులో నష్టం ఉందా అంటే అది చూసే తీరును బట్టి ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఉద్యోగి పీఎఫ్ ఖాతాలోనే ఉంటుంది, వడ్డీ వస్తుంది. ఇంటి అద్దె, ఈఎంఐ కట్టాల్సినవాళ్లకు మాత్రం చేతిలో ఉన్నదే ముఖ్యం. లెటర్ పని ఏది మేలో తేల్చడం కాదు. ‘పీఎఫ్ రెండు వాటాలూ 15,000 వేతన పరిమితి మీద’ అనో, ‘పూర్తి బేసిక్ మీద’ అనో ఏదో ఒకటి స్పష్టంగా చెప్పడం.

## గ్రాట్యుటీని సీటీసీలో చూపడం న్యాయమేనా

పదిహేను రోజుల వేతనాన్ని నెలకు 26 రోజుల చొప్పున లెక్కగట్టి, పనిచేసిన ఒక్కో ఏడాదికీ ఇచ్చేది గ్రాట్యుటీ. 50,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 28,846. శాశ్వత ఉద్యోగికి ఇది సాధారణంగా ఐదేళ్ల సర్వీసు పూర్తయ్యాకే దక్కుతుంది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి కొత్త సామాజిక భద్రత కోడ్ ఏడాదికే ఆ హక్కు ఇచ్చింది.

దీన్ని సీటీసీలో కలపడంపై రెండు వాదనలున్నాయి. ఉద్యోగి ఉన్నంతకాలం ఏటా ఆ మొత్తాన్ని పుస్తకాల్లో పక్కన పెట్టాల్సిందే, కాబట్టి అది తమకు నిజమైన ఖర్చేనని కంపెనీలు అంటాయి. రెండు మూడేళ్లకు కంపెనీ మారే ఈ రంగంలో తమకు ఎప్పటికీ రాని డబ్బును ప్యాకేజీలో చూపడం అంకె పెంచడానికేనని ఉద్యోగులు అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. సీటీసీ కంపెనీ ఖర్చు లెక్క కాబట్టి చూపడంలో తప్పు లేదు, కానీ దాని పక్కనే ‘చట్టం చెప్పిన అర్హత కాలం పూర్తయితేనే చెల్లిస్తాం’ అన్న వాక్యం లేకపోవడం తప్పు. ఆ వాక్యం ఉంటే రెండు ఆఫర్లను పోల్చుకునేవారు ఆ 28,846ను తీసేసి చూసుకోగలరు.

## వేరియబుల్ పే: గుణకారమా, సగటా

అన్నిటికన్నా ఎక్కువ పేచీ తెచ్చేది ఇదే. 1,35,000 అన్నది లక్ష్యం పూర్తిగా అందుకుంటే వచ్చే మొత్తం. ‘కంపెనీ విధానం ప్రకారం చెల్లిస్తాం’ అని రాసి వదిలేస్తే ఎంతైనా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

ఉద్యోగి అక్టోబరు 1న చేరాడనుకుందాం. వేరియబుల్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అతని వంతు ఆరు నెలలు, అంటే 67,500. ఏడాది చివర అతని వ్యక్తిగత రేటింగుకు 80 శాతం, కంపెనీ ఫలితాలకు 90 శాతం వచ్చాయి. రెండింటినీ గుణిస్తే 72 శాతం, చేతికి 48,600. సగటు తీస్తే 85 శాతం, 57,375. రెండు పద్ధతులూ కంపెనీల్లో ఉన్నవే. ఏది వాడతారో లెటర్‌లో లేకపోతే ఉద్యోగి సగటనుకుంటాడు, జీతాల విభాగం గుణిస్తుంది.

రెండో చిక్కు చెల్లింపు తేదీ. మార్చితో ఏడాది ముగిసినా డబ్బు ఇచ్చేది జూన్‌లోనో జులైలోనో. ‘చెల్లింపు రోజున కంపెనీలో ఉన్నవారికే’ అన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. కొన్నిచోట్ల అది ఇంకా కఠినంగా ఉంటుంది: రాజీనామా ఇచ్చి నోటీసులో ఉన్నా ఇవ్వరు. మేలో రాజీనామా చేసినవారు ఏడాదంతా పనిచేసి కూడా మొత్తం పోగొట్టుకుంటారు. వేరియబుల్ ఉద్దేశమే మనుషుల్ని నిలుపుకోవడమని కంపెనీలు సమర్థించుకుంటాయి. పూర్తిచేసిన పనికి ప్రతిఫలం కాబట్టి ఇవ్వాల్సిందేనని ఉద్యోగులు వాదిస్తారు. ఇలాంటి షరతును ఆఫర్ దశలోనే చెబితే అభ్యర్థి దానికి విలువ కట్టుకొని ఒప్పుకుంటాడు. చేరిన ఎనిమిది నెలలకు పాలసీ ఫైలులో చూపిస్తే మోసపోయానని అనుకుంటాడు. ఆ కోపం న్యాయమైనదే.

## జాయినింగ్ బోనస్ తిరిగి ఇవ్వాల్సి వస్తే

లక్ష రూపాయలు మూడో నెల జీతంతో ఇస్తారు. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలి. ఇక్కడ తేలాల్సినవి రెండు.

ఒకటి, మొత్తమా, మిగిలిన నెలల వంతా? తొమ్మిది నెలలు పనిచేసి వెళ్లినవారు మొదటి పద్ధతిలో లక్ష కట్టాలి, రెండో పద్ధతిలో 25,000. రెండు, పన్ను పోక ముందటి మొత్తమా, చేతికి వచ్చినదా? 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి సెస్సుతో కలిపి 31.2 శాతం కోసి 68,800 ఇస్తారు. తిరిగి మాత్రం లక్ష అడుగుతారు. బోనస్ ఇచ్చిందీ వెనక్కి తీసుకున్నదీ ఒకే ఆర్థిక సంవత్సరంలో అయితే పన్ను సర్దుబాటు చేయడం సులువు. మార్చి దాటితే ఆ 31,200 తిరిగి రాబట్టుకోవడం ఉద్యోగికి చాలా కష్టం.

కంపెనీయే తీసేస్తే ఏమిటన్నది కూడా రాయాలి. ‘ఏ కారణంతోనైనా ఏడాదిలోపు ఉద్యోగం ముగిస్తే’ అని రాసిన లెటర్ ప్రకారం, ప్రాజెక్టు మూతపడి పోయిన ఉద్యోగి కూడా డబ్బు కట్టాలి. ‘ఉద్యోగి తనంతట రాజీనామా చేసినా, దుష్ప్రవర్తన కారణంగా తొలగించినా’ అని రాస్తే ఆ అన్యాయం జరగదు.

శిక్షణ బాండ్లు దీనికి దగ్గరి చుట్టాలే. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు పనిచేయకపోతే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఉద్యోగం సాగుతున్న కాలానికి పెట్టిన అలాంటి షరతు వృత్తిని అడ్డుకోవడం కిందికి రాదన్నది. అది ప్రభుత్వరంగ బ్యాంకు నియామక పద్ధతి, ఖర్చులను చూసి ఇచ్చిన తీర్పు. దాన్ని చూపి ఎంత మొత్తమైనా రాసుకోవచ్చని అనుకోవడం పొరపాటు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే దక్కుతుంది.

## చేరే తేదీ: 90 రోజుల నోటీసు లెక్క ఎక్కడ తప్పుతుంది

అభ్యర్థికి పాత కంపెనీలో 90 రోజుల నోటీసు ఉందనుకుందాం. కొత్త కంపెనీ జులై 1న ఆఫర్ ఇచ్చింది. ‘అక్టోబరు 1న చేరాలి, లేనిపక్షంలో ఈ ఆఫర్ దానంతటదే రద్దవుతుంది’ అని రాసింది. మూడు నెలల నోటీసుకు మూడు నెలలు ఇచ్చాం కదా అనుకుంది. అభ్యర్థి జులై 3న అంగీకరించి అదే రోజు రాజీనామా పెట్టాడు. మర్నాటి నుంచి లెక్కిస్తే 90వ రోజు సరిగ్గా అక్టోబరు 1. ఆ రోజు అతను పాత కంపెనీలో ల్యాప్‌టాప్ అప్పగిస్తూ ఉంటాడు. పైగా నోటీసు కాలంలో వాడిన సెలవులను కొన్ని కంపెనీలు నోటీసుకు కలుపుతాయి. జ్వరమొచ్చి ఐదు రోజులు సెలవు పెడితే ఆఖరి రోజు అక్టోబరు 6 అవుతుంది. అతని తప్పేమీ లేకుండానే ఆఫర్ రద్దయిపోయిందన్నమాట.

ఒక్క తేదీ చేసే పనిని ఇక్కడ మూడు తేదీలు చేయాలి. అంగీకారం తెలపాల్సిన గడువు జులై 5. చేరే అంచనా తేదీ అక్టోబరు 6. పాత కంపెనీ రిలీవింగ్ ఆలస్యం చేస్తే కంపెనీ ఎదురుచూసే ఆఖరి తేదీ అక్టోబరు 20. ఆ తర్వాత ఆఫర్ రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటుంది కానీ అది ‘దానంతటదే’ జరగదు, రాతపూర్వకంగా చెప్పాలి. నోటీసు తగ్గించడానికి పాత కంపెనీకి కట్టే డబ్బు కొత్త కంపెనీ భరిస్తుందా, ఎంత వరకు, ఏ రసీదు మీద అన్నదీ ఈ పేరాలోనే ఉండాలి.

జాయినింగ్‌ను కంపెనీయే వాయిదా వేసే సందర్భం ఇంతకన్నా బాధాకరం. అప్పటికి అభ్యర్థి పాత ఉద్యోగం వదిలేసి ఉంటాడు. క్లయింటు ప్రాజెక్టు ఆపేస్తే పని లేకుండా జీతం ఎలా ఇస్తామని కంపెనీ అడుగుతుంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అంగీకారం అందాక ఒప్పందం పుట్టింది, దాన్ని మీరితే నష్టపరిహారం అడిగే హక్కు 73వ సెక్షన్ ఇస్తుంది. ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం కోర్టులు సాధారణంగా ఆదేశించవు. నోటీసిచ్చి ఎలాగూ తీసేయగలిగేవాళ్లం కనుక పరిహారం నోటీసు జీతం దాటదని కంపెనీలు వాదిస్తాయి. అందుకే ‘కంపెనీ కారణంగా చేరిక 15 రోజులకు మించి ఆలస్యమైతే, 16వ రోజు నుంచి స్థిర జీతం చెల్లిస్తాం’ లాంటి వాక్యం కోర్టు హక్కుకన్నా అభ్యర్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది. కంపెనీకీ తన బాధ్యత ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది.

## ‘వెరిఫికేషన్ సంతృప్తికరంగా ఉంటేనే’ అన్నది ఎవరి సంతృప్తి

బీజీవీ, అంటే అభ్యర్థి చదువు, పాత ఉద్యోగాల వివరాలను సరిచూసే షరతు లేని ఆఫర్ ఇప్పుడు దాదాపు ఉండదు. చేరడానికి ముందు తేలాల్సిన షరతు, చేరాక కూడా వర్తించే షరతు వేర్వేరు. మొదటిది తేలేదాకా రాజీనామా చేయడం అభ్యర్థికి ప్రమాదం. రెండోది తేలకముందే అతను చేరిపోయి ఉంటాడు కాబట్టి ఫలితం తేడాగా వస్తే అది తొలగింపు అవుతుంది. ‘మా సంతృప్తి మేరకు’ అన్న మాట ఈ రెండింటినీ కలిపేస్తుంది.

ఏం చూస్తారో చెప్పిన లెటర్ ఇలా ఉంటుంది: డిగ్రీ పట్టా లేదా ప్రొవిజనల్, గత రెండు ఉద్యోగాల చేరిక, విడుదల తేదీలు, పీఎఫ్ నంబరైన యూఏఎన్‌లో కనిపించే సర్వీసు చరిత్ర. ఈ పరిశీలన చేరికకు ముందే పూర్తిచేస్తాం, తేడా వస్తే వివరణకు ఏడు రోజులిస్తాం. ఆ వివరణ గడువు ఎందుకంటే, తేడాలన్నీ అబద్ధాలు కావు. పాత కంపెనీ పీఎఫ్ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ ఆలస్యంగా నమోదు చేస్తే ఒకే నెలలో రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. ఏజెన్సీ రిపోర్టులో దాని మీద ఎర్ర గుర్తు పడుతుంది. రిలీవింగ్ లెటర్ చూపిస్తే అది పది నిమిషాల్లో తేలిపోయే విషయం.

## హోదా, పని, నోటీసు

హోదా పేరుతో పని తెలియదు. ‘సీనియర్ ఇంజినీర్’ అని చేర్చుకొని రాత్రి షిఫ్టు సపోర్టులో వేస్తే లెటర్ ప్రకారం తప్పు దొరకదు. ఏ బృందం, ఎవరికి రిపోర్టు చేయాలి, ప్రధానమైన పని ఏమిటి, షిఫ్టు ఉందా, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి అన్నవి నాలుగైదు వరుసల్లో సరిపోతాయి. ‘అవసరాన్ని బట్టి మార్చే హక్కు కంపెనీకి ఉంది’ అన్న వాక్యం కంపెనీకి కావాల్సిందే. ఎంత ముందుగా చెబుతారో పక్కన చేర్చాలి.

నోటీసు బదులు డబ్బు కట్టే లెక్క బేసిక్ మీదో మొత్తం స్థిర జీతం మీదో కూడా చెప్పాలి. మన ఉదాహరణలో రెండు నెలలకు అది 1,00,000 అవుతుందా, 1,50,000 అవుతుందా అన్న తేడా. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం వర్తించే చోట ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా తీసేయాలంటే కనీసం నెల నోటీసో, ఆ మేరకు వేతనమో ఇవ్వాలి. లెటర్‌లో ఇంతకు తక్కువ రాసుకుంటే చట్టం ముందు అది నిలవదు.

## ఆఫర్‌లో ఉన్నది అపాయింట్‌మెంట్‌లో లేకపోతే

చేరిన రోజు సంతకం పెట్టించే అపాయింట్‌మెంట్ లెటర్ చివర్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: ‘ఇంతకుముందు జరిగిన సంభాషణలు, పత్రాలు, హామీలన్నిటి స్థానంలో ఈ పత్రమే వర్తిస్తుంది.’ దానర్థం, ఆఫర్‌లో రాసిన నోటీసు బైఅవుట్ హామీ, అంటే పాత కంపెనీకి కట్టే నోటీసు డబ్బు భరిస్తామన్న మాట, కొత్త పత్రంలో లేకపోతే అది పోయినట్టే. ఫోన్లో హెచ్‌ఆర్ చెప్పిన ‘ఆరు నెలలకు జీతం సవరిస్తాం’ అన్న మాట సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ వాక్యం పెట్టడంలో దురుద్దేశం ఉండాలని లేదు. పది ఈమెయిళ్లు, రెండు సవరించిన ఆఫర్లు తిరిగాక ఏది చివరిదో తేల్చడానికి అలాంటిది అవసరం. చిక్కు రాకుండా రాసే పద్ధతి కూడా ఉంది: ‘తేదీ జులై 1 నాటి ఆఫర్ లెటర్‌లోని జీతం అనుబంధం, జాయినింగ్ బోనస్, నోటీసు బైఅవుట్ షరతులు ఈ పత్రంలో భాగం. మిగతా విషయాల్లో రెండింటికీ తేడా ఉంటే ఈ పత్రమే చెల్లుతుంది.’ ఇలా రాసినప్పుడు అనుబంధానికి తేదీ, పేజీ సంఖ్య వేసి రెండు వైపులా సంతకాలు ఉండాలి. వేరియబుల్ పాలసీని ప్రస్తావిస్తే, ఆ రోజున అమల్లో ఉన్న ప్రతిని కూడా జతచేయాలి. ఇంట్రానెట్ లింకు ఇస్తే అక్కడి ఫైలు ఎప్పుడు మారిందో తర్వాత ఎవరూ తేల్చలేరు.